నిఫ్టీ పీసీఆర్ 1.42కి వచ్చింది. ఇది జనం భయమా, ధీమానా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)
సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. జీటీ రోడ్డులో నాకు బట్టల కొట్టు ఉంది. రాత్రి షట్టర్ దించాక ఓ గంట ఎన్‌ఎస్‌ఈ సైటులో ఆప్షన్ చెయిన్ చూడటం అలవాటైపోయింది. ఈరోజు నిఫ్టీకి అట్టడుగు వరుసలో ఉండే మొత్తాలు తీసుకుని, పుట్ల ఓపెన్ ఇంటరెస్టుని కాల్స్ ఓపెన్ ఇంటరెస్టుతో భాగిస్తే 1.42 వచ్చింది. పది రోజుల కిందట 0.9 దగ్గర ఉండేది.

తలనొప్పి ఎక్కడంటే, ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు. ఒక ఇంగ్లిషు పుస్తకంలో పుట్లు ఎక్కువైతే జనం భయపడ్డట్టు, జనం భయపడ్డప్పుడు మనం కొనాలి అని ఉంది. మా బావమరిదేమో పుట్లు అమ్మినవాళ్లు ధైర్యంగా ఉన్నారు కాబట్టి మార్కెట్ పెరుగుతుంది అంటాడు. యూట్యూబులో ఒకాయన 1.4 దాటితే మార్కెట్ వేడెక్కినట్టు, బయటికి వచ్చేయమంటాడు. మొదటి ఇద్దరూ కొనమనే అంటున్నారు గాని, ఒకరి కారణం నిజమైతే రెండోవారి కారణం అబద్ధం కావాలి కదా!

పోయిన నెల కూడా ఇలాగే 1.4 చూసి కాల్ కొన్నాను. పదకొండు వేలు పోయాయి. టిప్పు అడగడం లేదు. జనానికి ఎదురు నడవడానికి ఈ అంకె ఎలా వాడాలో, అసలు పనికొస్తుందో లేదో తెలిసినవారు చెప్పండి.

మూడులాంతర్లు (విజయనగరం)
సోమవారం రాత్రి 10:05

బ్రదర్, ఇందులో అంత ఆలోచించడానికి ఏమీ లేదు. మన దేశంలో ఆప్షన్లు అమ్మేవాళ్లు పెద్ద చేతులు. మార్జిన్ లక్షల్లో కట్టాలి కాబట్టి చిన్నవాళ్లు అటు వెళ్లలేరు. పుట్ల ఓఐ పెరిగిందంటే పెద్దవాళ్లు కింద గోడ కట్టారని. మీ బావమరిది చెప్పిందే కరెక్ట్. ఎక్కువ పుట్ ఓఐ ఏ స్ట్రైక్ దగ్గర ఉందో చూసుకో, అదే సపోర్ట్. ఆ ఇంగ్లిషు పుస్తకాలు అమెరికా వాళ్లకి, మనకి కాదు.

మీ పదకొండు వేలు పోయింది పీసీఆర్ వల్ల కాకపోవచ్చు. కాల్ కొని కూర్చుంటే రోజూ కొంత టైము తినేస్తుంది.

చీపురుపల్లి_మేష్టారు
సోమవారం రాత్రి 10:50

నాగావళి గారూ, జవాబు చెప్పే ముందు రెండు సంగతులు కావాలి. ఈ పది రోజుల్లో నిఫ్టీ ఎటు నడిచింది? పుట్లలో IV అనే కాలమ్ పెరిగిందా, తగ్గిందా? ఈ రెండూ తెలియకుండా 1.42 అంటే, జ్వరం ఎంతో చెప్పి మనిషిదో ఆవుదో చెప్పనట్టు ఉంటుంది. 38 డిగ్రీలు మనిషికి జ్వరం, ఆవుకి మామూలు.

మూడులాంతర్లు బాబు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం దగ్గరే డబ్బులు పోతాయి. రేపు తీరిగ్గా రాస్తాను.

పలాస_పిక్కలు
సోమవారం రాత్రి 11:20

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది జీడిపిక్కల వ్యాపారం, ఆప్షన్లలో ఒక్కసారే చేయి పెట్టాను. 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు. ముందురోజు ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ 23,263 దగ్గర ముగిసింది, అందరూ పండగ చేసుకున్నారు. ఫలితాల రోజు దాదాపు ఆరు శాతం పడి 21,884 దగ్గర ఆగింది. ఆ సాయంత్రం టీవీ చూస్తే ఇంకా పడుతుంది అన్నారు. నేను పుట్లు కొన్నాను, అదీ మండిపోయే ధరకి. మర్నాడు నిఫ్టీ 735 పాయింట్లు పెరిగింది. నా పుట్ల ధర సగం కాదు, సగంలో సగం కూడా మిగల్లేదు.

నా ప్రశ్న ఏమిటంటే, ఆరోజు పీసీఆర్ చూసి ఉంటే నాకు ముందే తెలిసేదా?

టెక్కలి_రోడ్
మంగళవారం ఉదయం 7:15

నా దగ్గర ఒక బ్యాంకు షేరు ఉంది. దాని పీసీఆర్ 0.45 చూపిస్తోంది. అంటే బాగా పడిపోయింది, ఇప్పుడు కొనాలి అనేనా? 1 కన్నా తక్కువ ఉంటే షేరు చవకగా దొరుకుతున్నట్టే కదా?

బొబ్బిలి_వీణ
మంగళవారం ఉదయం 8:02

టెక్కలి గారూ, పీసీఆర్‌కీ షేరు చవకా ఖరీదా అనేదానికీ సంబంధం లేదు. అది ఎన్ని పుట్లు, ఎన్ని కాల్స్ తెరిచి ఉన్నాయో చెప్పే లెక్క మాత్రమే. పైగా ఒక్కో షేరుకి కాల్స్ ఎక్కువ ఉండటం మామూలే, ఎందుకంటే షేర్లు చేతిలో ఉన్నవాళ్లు నెలనెలా వాటిమీద కాల్స్ అమ్ముకుంటారు. షేరు ఆప్షన్లలో 2019 అక్టోబరు నుంచి అన్నిటికీ షేర్లే ఇచ్చిపుచ్చుకోవాలి కాబట్టి, ఎక్స్‌పైరీ దగ్గరపడితే జనం మార్జిన్‌కి భయపడి మూసేస్తారు, అంకె చెదిరిపోతుంది. ఈ థ్రెడ్ నిఫ్టీ గురించి. మీది వేరే థ్రెడ్ పెడితే అక్కడ మాట్లాడదాం.

నాగావళి_ఒడ్డు
మంగళవారం ఉదయం 8:30

మేష్టారూ, పది రోజుల్లో నిఫ్టీ 600 పాయింట్ల దాకా పెరిగింది. ఇప్పుడున్న ధరకి దగ్గర స్ట్రైకులో పుట్ల ఐవీ 13 ఉండేది, నిన్న 11 దగ్గర ఉంది.

చీపురుపల్లి_మేష్టారు
మంగళవారం మధ్యాహ్నం 2:10

అదీ సంగతి. ఇప్పుడు మీ పుస్తకం నుంచి మొదలుపెడదాం.

పుట్ కాల్ నిష్పత్తిని జనం మనసు కొలిచే కొలతగా వాడటం అమెరికాలో మొదలైంది. అక్కడ మార్టిన్ జ్వీగ్ లాంటివాళ్లు దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. వాళ్లు చూసేది ఎక్కువగా ఆరోజు ఎన్ని పుట్లు, ఎన్ని కాల్స్ చేతులు మారాయో ఆ వాల్యూమ్. అదీ షేర్ల ఆప్షన్లలో. అక్కడ చిన్న మదుపరి ఎక్కువగా కొనేవాడు. భయమేస్తే పుట్ కొంటాడు, ఆశ పుడితే కాల్ కొంటాడు. భయపడేవాళ్లంతా పుట్లు కొనేశాక, షేర్లు వదిలించుకునేవాళ్లంతా వదిలించుకున్నాక ఇంక అమ్మడానికి మనిషి మిగలడు, అక్కడి నుంచి మార్కెట్ లేస్తుంది అన్నది వాళ్ల తర్కం. ఇండెక్స్ పుట్లని పెద్ద ఫండ్లు రక్షణ కోసం ఎప్పుడూ కొంటూనే ఉంటాయి కాబట్టి షికాగో ఎక్స్ఛేంజీ వాళ్లు ఇండెక్స్ నిష్పత్తిని, షేర్ల నిష్పత్తిని విడివిడిగా ఇస్తారు.

మనం ఇక్కడ చూస్తున్నది వాల్యూమ్ కాదు, ఓపెన్ ఇంటరెస్ట్. షేర్లది కాదు, ఇండెక్స్‌ది. పేరు ఒకటే అయినా వస్తువు వేరు.

ఓఐలో ప్రతి లాటుకీ ఒక కొన్నవాడు, ఒక అమ్మినవాడు ఉంటారు. పుట్ల ఓఐ పెరిగిందంటే కొన్నవాళ్లూ పెరిగారు, అమ్మినవాళ్లూ అన్నే లాట్లతో పెరిగారు. తొందర ఎవరిది అన్నది ఆ అంకె చెప్పదు. పలాస గారికి అర్థమయ్యే మాటల్లో చెబుతాను. ఈ ఏడాది జీడితోటల బీమా పాలసీలు రెట్టింపు అయ్యాయి అన్నారనుకోండి. రైతులు తుఫానుకి భయపడి పరిగెత్తుకెళ్లి చేయించారా, లేక ఈసారి తుఫాను రాదన్న ధీమాతో కంపెనీ చవకగా అమ్మేసిందా? పాలసీల సంఖ్యలో జవాబు లేదు. ప్రీమియం రేటు పెరిగిందా, తగ్గిందా అడిగితే ఉంది. ఆప్షన్లలో ఆ రేటే ఐవీ.

మీ విషయంలో ఓఐ పెరిగింది, ఐవీ 13 నుంచి 11కి తగ్గింది, నిఫ్టీ 600 పాయింట్లు ఎక్కింది. కాబట్టి ఇది భయం కాదు, ధీమా. నిఫ్టీ ఎక్కుతున్న కొద్దీ పాత కాల్స్ అమ్మినవాళ్లు నష్టానికి తట్టుకోలేక మూసేస్తారు, పుట్లు అమ్మేవాళ్లు పై స్ట్రైకుల్లో కొత్తగా అమ్ముతారు. పై అంకె పెరుగుతుంది, కింద అంకె తగ్గుతుంది. అంటే 0.9 నుంచి 1.42 వరకు జరిగిన ప్రయాణంలో సగానికి సగం నిఫ్టీ పెరిగిందన్న పాత వార్తే.

ఇదే 1.42 ఇంకోలా కూడా రావచ్చు. నిఫ్టీ రెండు రోజుల్లో 400 పాయింట్లు పడి, ఐవీ 13 నుంచి 19కి ఎగిరి, పుట్ల ఓఐ కాల్స్ కన్నా వేగంగా పెరిగిందనుకోండి. అప్పుడు తొందర కొన్నవాడిది. అది మీ పుస్తకంలోని భయం. అక్కడ ఎదురు నడవడమంటే కొనడం వైపు చూడటం. మీ సోమవారపు అంకెకి ఎదురు నడవడమంటే కొత్తగా కాల్స్ కొనకుండా చేయి వెనక్కి తీసుకోవడం. పోయిన నెల మీరు పుస్తకం చెప్పిన అర్థాన్ని తీసుకెళ్లి ధీమా అంకె మీద పెట్టారు.

మూడులాంతర్లు
మంగళవారం మధ్యాహ్నం 2:45

మేష్టారూ, అన్నీ ఒప్పుకుంటాను. కాని పెద్దవాళ్లు ధీమాగా ఉంటే మనం వాళ్ల వెనకే పోవాలి గాని ఎదురు పోవడమేంటి? నేను పుట్ ఓఐ సపోర్ట్ చూసే చేస్తున్నాను, నెలలో ఎక్కువ రోజులు పనిచేస్తోంది.

చీపురుపల్లి_మేష్టారు
మంగళవారం సాయంత్రం 4:30

ఎక్కువ రోజులు పనిచేస్తుంది, నేనూ కాదనను. మామూలు రోజుల్లో నిఫ్టీ ఆ గోడ దాకా వచ్చి తిరిగి వెళ్తుంది. పనిచేయని రోజు ఏం జరుగుతుందో చూడాలి.

నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకుందాం. 24,800 పుట్‌ని చాలామంది 60 రూపాయలకి అమ్మారు. లాటుకి పెద్దగా రిస్కు లేనట్టే ఉంటుంది. ఏదో వార్తకి నిఫ్టీ పొద్దున్నే 24,750 దగ్గర తెరుచుకుంది. ఆ పుట్ 180 అయింది. అమ్మినవాడికి రెండే దారులు. పుట్‌ని తిరిగి కొనాలి, లేదా ఫ్యూచర్స్ అమ్మి నష్టాన్ని కట్టేయాలి. రెండో పని నేరుగా నిఫ్టీని కిందికి తోస్తుంది. మొదటి పని చేసినా, అతనికి ఆ పుట్ ఇచ్చినవాడు తనను కాపాడుకోవడానికి ఫ్యూచర్స్ అమ్ముతాడు. గోడ అనుకున్నదే పడేటప్పుడు మన నెత్తిన పడే ఇటుకలవుతుంది. గోడ ఎంత పెద్దదైతే అన్ని ఇటుకలు.

ఎక్కువ పీసీఆర్‌ని హెచ్చరికగా చూడటానికి కారణం ఇంతే. రేపే పడుతుందని కాదు. పడటం మొదలైతే వేగంగా పడటానికి సరుకు సిద్ధంగా ఉందని. తక్కువ పీసీఆర్ దీనికి అద్దం లాంటిది. పడిన మార్కెట్లో కాల్స్ అమ్మినవాళ్లు పైన గుంపుగా ఉంటారు. చిన్న మంచి వార్త వస్తే వాళ్లే పరిగెత్తి కొంటారు.

ఇంకొకటి. అమ్మేవాళ్లంతా పెద్ద చేతులే అన్నావు, అది పాత మాట. దూరపు ఆప్షన్ ఒకటి కొని పక్కన పెట్టుకుంటే అమ్మడానికి మార్జిన్ బాగా తగ్గుతుంది. దాంతో చిన్నవాళ్లూ అమ్ముతున్నారు. ఎన్‌ఎస్‌ఈ రోజూ సాయంత్రం ఎవరి చేతిలో ఎంత ఉందో ఫైల్ ఇస్తుంది, పేరు `fao_participant_oi` తో మొదలవుతుంది. అందులో Client అనే వరుసలో `Option Index Put Short` ఎంతో, `Option Index Put Long` ఎంతో చూడు. పుట్లు అమ్మిన గుంపులో మనలాంటివాళ్లే ఎక్కువ ఉంటే, ఆ ధీమాని పెద్దల ధీమా అనుకుని వెనక పోవడం కుదరదు.

మూడులాంతర్లు
మంగళవారం రాత్రి 8:20

ఆ ఫైల్ చూశాను మేష్టారూ. క్లయింట్ వరుసలో పుట్ షార్ట్, లాంగ్ కన్నా ఎక్కువే ఉంది. ఇది నేను అనుకోలేదు. కాని అందులో నిఫ్టీ ఒక్కటే కాదుగా, బ్యాంక్ నిఫ్టీ అవీ అన్నీ కలిపే ఉన్నాయి. స్ట్రైకులూ లేవు. దాన్ని పట్టుకుని నా పద్ధతి తప్పని చెప్పడం కూడా తొందరే.

చీపురుపల్లి_మేష్టారు
మంగళవారం రాత్రి 8:41

తొందరే. నువ్వన్న లోపం ఉంది. విదేశీ ఫండ్ల వరుసలో పుట్లు ఎక్కువ కనబడితే అదీ భయం అని అనుకోకూడదు, వాళ్ల దగ్గరున్న షేర్లకి అది గొడుగు కావచ్చు.

బొబ్బిలి_వీణ
మంగళవారం రాత్రి 9:30

మేష్టారూ, రెండు చోట్ల మీతో పేచీ ఉంది.

మొదటిది, ఐవీ. ఒకే స్ట్రైక్ ఐవీని పది రోజుల పాటు పోలిస్తే తప్పుదారి పడతాం. నిఫ్టీ 600 పాయింట్లు ఎక్కితే నిన్నటి దగ్గర స్ట్రైక్ ఈరోజు దూరపు స్ట్రైక్ అవుతుంది. దూరపు పుట్లకి ఐవీ ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది. ఎవరూ ఏమీ చేయకపోయినా ఆ స్ట్రైక్ ఐవీ పెరిగినట్టు కనిపిస్తుంది. నాగావళి గారు అదృష్టవశాత్తూ ఏ రోజుకారోజు ధరకి దగ్గర స్ట్రైక్ చూశారు కాబట్టి సరిపోయింది. స్ట్రైక్ అంకె కాదు, ధరకి ఎంత దూరమో ఆ దూరాన్ని పోల్చాలి. పుట్ ధర తగ్గింది కాబట్టి అమ్మకాలు ఎక్కువ అనడం ఇంకా పెద్ద తప్పు. నిఫ్టీ పెరిగితే పుట్ ధర ఎటూ తగ్గుతుంది.

రెండోది, మీరే అన్నారు మార్జిన్ కోసం కొనే దూరపు ఆప్షన్లని. అవి భయమూ కాదు, ధీమా కూడా కాదు. బండికి ఇన్సూరెన్సు కాగితం లాంటివి. కాని ఓఐలో ఒక లాటు ఒక లాటే. లెక్క కోసం గుండ్రటి అంకెలు వేస్తాను. కాల్స్ 10 లక్షల లాట్లు, పుట్లు 14 లక్షలు. నిష్పత్తి 1.40. ధర 5 రూపాయలకన్నా తక్కువ ఉన్న స్ట్రైకులన్నీ తీసేస్తే కాల్స్‌లో లక్ష, పుట్లలో 4.1 లక్షలు పోయాయనుకుందాం. మిగిలింది 9.9 ని 9 తో భాగించాలి, 1.10. ఇంతసేపు మనం భయమా, ధీమానా అని వాదించుకున్నదాంట్లో పెద్ద ముక్క వట్టి కాగితాలే కావచ్చు.

నాగావళి_ఒడ్డు
బుధవారం ఉదయం 10:15

ఇదేటండీ బాబూ! ఇప్పుడే చూశాను, పీసీఆర్ 0.81. సోమవారం 1.42, ఈరోజు 0.81. నిఫ్టీ చూస్తే నిన్నా ఈరోజూ కలిపి ముప్పై పాయింట్లు కూడా కదల్లేదు. రాత్రికి రాత్రి ధీమా అంతా ఎక్కడికి పోయింది? మేష్టారి లెక్క ప్రకారం ఇప్పుడు కొనాలా?

మూడులాంతర్లు
బుధవారం ఉదయం 10:22

నిన్న మంగళవారం కదా, ఎక్స్‌పైరీ. మీరు సోమవారం చూసిన లాట్లన్నీ నిన్న 3:30కి చచ్చిపోయాయి. సైటు ఇప్పుడు వచ్చే మంగళవారానిది చూపిస్తోంది. కొత్త ఇంట్లో ఇంకా సామాను దిగలేదు, అంతే. ఇది నాకు తెలుసు, నేనూ ఒకసారి మోసపోయాను.

బొబ్బిలి_వీణ
బుధవారం ఉదయం 11:40

మూడులాంతర్లు గారు చెప్పింది నూటికి నూరు నిజం. ఆప్షన్ చెయిన్ పేజీ ఒకసారికి ఒక ఎక్స్‌పైరీనే చూపిస్తుంది. వారం మొదట్లో అంకె, వారం చివర అంకె రెండు వేర్వేరు వస్తువులు. పోల్చాలంటే అన్ని ఎక్స్‌పైరీలూ కలిపిన మొత్తం తీసుకోవాలి. దానికి రోజు చివర ఎన్‌ఎస్‌ఈ ఇచ్చే ఎఫ్ అండ్ ఓ భావ్‌కాపీ దించుకుంటే చాలు. నేను వాడేది ఇంతే, ఫైల్ పేరు మీకు నచ్చినట్టు మార్చుకోండి:

```python
import pandas as pd
d = pd.read_csv("bhav.csv")
n = d[(d.TckrSymb == "NIFTY") & (d.FinInstrmTp == "IDO")]
n = n[n.ClsPric >= 5]
s = n.groupby("OptnTp").OpnIntrst.sum()
print(round(s["PE"] / s["CE"], 2))
```

నాలుగో వరుస నిన్న నేను చెప్పిన 5 రూపాయల జల్లెడ. అది వద్దనుకుంటే తీసేయండి. ఫైల్లో ఓఐ లాట్లలో కాకుండా యూనిట్లలో ఉంటుంది, నిష్పత్తికి తేడా రాదు.

పలాస_పిక్కలు
బుధవారం మధ్యాహ్నం 1:05

నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. జూన్ 4న నాకు తెలిసేదా, తెలియదా?

మేష్టారు బీమా అన్నారు కాబట్టి ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి మా వైపు జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరిచెట్లూ అంతే. ఆ తర్వాత ఊళ్లో ఎవరిని కదిపినా బీమా, బీమా. చెట్లు పడిపోయాక! నేను పుట్లు కొన్నది సరిగ్గా అలాగే అని ఇప్పుడు అనిపిస్తోంది.

చీపురుపల్లి_మేష్టారు
బుధవారం మధ్యాహ్నం 3:50

పలాస గారూ, మీ పోలిక నా పోలిక కన్నా బాగుంది.

పీసీఆర్ ఒక్కటే చూసి ఉంటే మీకు తెలిసేదని నేను చెప్పను. నిఫ్టీ ఒక్కరోజులో 1,379 పాయింట్లు పడితే పుట్లు అమ్మినవాళ్లు మూసుకుంటారు, పైన కాల్స్ కొత్తగా అమ్ముతారు. ఓఐ నిష్పత్తి సాధారణంగా కిందికి పడుతుంది. పుస్తకం చదివినవాడు అది చూసి 'పుట్లు తగ్గాయి, అంటే భయం లేదు' అనుకునే ప్రమాదం ఉంది. ఊరంతా వణుకుతున్న రోజున ఆ అంకె భయం లేదని చెబుతుంది! మీకు పనికొచ్చేది ఆరోజు ఇండియా విక్స్. అది ఆకాశంలో ఉంది, మర్నాడు దబ్బున పడింది. మీరు పుట్‌కి మండిపోయే ధర కట్టాను అన్నారే, ఆ మంటే భయం ఖరీదు. నిఫ్టీ లేవడం ఒక దెబ్బ, ఆ ఖరీదు దిగిపోవడం రెండో దెబ్బ. రెండూ కలిసి పడ్డాయి మీమీద.

వీణమ్మా, నీ పేచీలు రెండూ ఒప్పుకుంటున్నాను. నేను రూళ్ల పుస్తకంలో రాసుకునేదాంట్లో ఐవీని దూరం ప్రకారం తీసుకోవడం లేదు. ఇకమీదట మార్చాలి.

నాగావళి_ఒడ్డు
గురువారం రాత్రి 10:10

వీణ గారి కోడ్ మా అబ్బాయి చేత నడిపించాను. అన్ని ఎక్స్‌పైరీలూ కలిపి, జల్లెడ వేసి చూస్తే సోమవారానికి 1.21, బుధవారానికి 1.17. నేను 1.42 అని, 0.81 అని అటూ ఇటూ పరిగెడుతుంటే అసలు సరుకు దాదాపు కదలనే లేదన్నమాట. రెండు రాత్రులు టెన్షన్ పడ్డాను.

అయితే 1.21 అంటే ఎక్కువా, తక్కువా? ఆ యూట్యూబు ఆయన 1.4, 0.7 అని గీతలు గీశాడు. జల్లెడ వేశాక ఆ గీతలు పనికిరావు కదా?

చీపురుపల్లి_మేష్టారు
శుక్రవారం ఉదయం 6:30

పనికిరావు. ఆ గీతలు ఎవరు ఏ లెక్క మీద గీశారో కూడా చూడరు, ఒకరి దగ్గర నుంచి ఒకరు తీసుకుంటారు. మీ కొలత మీది, కాబట్టి గీత కూడా దాని చరిత్రలోంచే రావాలి. వెనక్కి 250 ట్రేడింగ్ రోజుల భావ్‌కాపీలు దించి, ఒకే పద్ధతిలో లెక్కేసి, చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చండి. పైన 25 రోజుల్లో పడితే అతి ధీమా అనుకోండి, కింద 25లో పడితే అతి భయం. మధ్యలో ఉన్న 200 రోజులు ఈ కొలతకి చెప్పడానికి ఏమీ లేదు. మీ 1.21 చాలామటుకు ఆ మధ్యలోనే పడుతుందని నా అనుమానం.

నా పుస్తకంలో కనిపించినంత వరకు రెండు కొసలూ సమానంగా పనిచేయవు. కింది కొస తొందరగా తేలుతుంది. భయం ఎక్కువ రోజులు నిలవదు, వారంలోపే ఏదో ఒక ఎగురు కనిపిస్తుంది. పై కొస చాలా మొండిది. మార్కెట్ బలంగా పెరుగుతున్నప్పుడు పీసీఆర్ వారాల తరబడి పైనే కూర్చుంటుంది. దాన్ని చూసి అమ్మినవాడు రోజూ తిట్లు తింటాడు. అందుకే పై కొసలో నేను ఎదురు పందెం కాయను. కొత్తగా కొనడం ఆపుతాను, పుట్లు అమ్మడం పూర్తిగా మానేస్తాను, అంతే.

బొబ్బిలి_వీణ
శుక్రవారం ఉదయం 9:15

250 రోజుల లెక్క బాగుంది గాని, ఎంత వెనక్కి వెళ్లాలన్నది నాకు తేలలేదు మేష్టారూ. 2024 నవంబరు నుంచి ఒక్కో ఎక్స్ఛేంజీకి ఒకే వీక్లీ ఇండెక్స్ అని సెబీ నియమం వచ్చింది. బ్యాంక్ నిఫ్టీ వీక్లీలు ఆగిపోయి కొంత జనం నిఫ్టీకి మారారు. కాంట్రాక్టు సైజు పెంచారు. ఆ తర్వాత 2025 సెప్టెంబరులో ఎక్స్‌పైరీ గురువారం నుంచి మంగళవారానికి వచ్చింది. మార్పుకి ముందు రోజుల్ని, తర్వాత రోజుల్ని ఒకే వరుసలో పేర్చితే మనం పోల్చేది జనం మనసుని కాదు, నియమాల్ని.

250 రోజులే తీసుకుంటే కొసల్లో ఉండేది ఇరవై ఐదు రోజులు. అవీ విడివిడిగా ఉండవు. ఒక భయం వస్తే వరుసగా ఐదారు రోజులు అందులోనే ఉంటాయి. అంటే నిజంగా మన చేతిలో ఉండేది నాలుగైదు సంఘటనలు. నాలుగైదు చూసి కింది కొస పనిచేస్తుందని చెప్పొచ్చా?

చీపురుపల్లి_మేష్టారు
శుక్రవారం ఉదయం 9:50

చెప్పకూడదు. నా పుస్తకంలో పన్నెండు ఉన్నాయి, అవీ నియమాలు మారకముందువే ఎక్కువ. నెలవారీ ఎక్స్‌పైరీ ఒక్కటే తీసుకుంటే ఆ మార్పుల దెబ్బ కొంత తక్కువ పడుతుందని అనుకుంటున్నాను.

బొబ్బిలి_వీణ
శుక్రవారం ఉదయం 10:05

నెలవారీ ఒక్కటే తీసుకుంటే నెలాఖరున మళ్లీ నాగావళి గారి బుధవారమే వస్తుంది కదా. ఈ ఆదివారం రెండు రకాలుగానూ లెక్కేసి ఇక్కడ పెడతాను.

టెక్కలి_రోడ్
శుక్రవారం ఉదయం 11:30

అంటే నా బ్యాంకు షేరు అమ్మమంటారా, ఉంచమంటారా?